ముందు వడ్లు, తర్వాత స్లైడు: తేమ మిషన్ డెమోలో నేను దిద్దుకున్న వరస

వడ్లలో తేమ కొలిచే చేతి మిషన్లు అమ్మే ఒక చిన్న కంపెనీలో డెమోలు ఇవ్వడం నా పని. వానాకాలం కోతలు మొదలయ్యే రోజుల్లో నల్గొండ వైపు సొసైటీలకీ రైతు సంఘాలకీ వెళ్లి, మిషన్ ఎలా పనిచేస్తుందో చూపించి రావాలి. వినేవాళ్లు పుట్టినప్పటి నుంచీ వడ్లు పట్టుకున్నవాళ్లు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాటితే సంచి ఎత్తరని, ఆ అంకె కోసమే కల్లంలో రోజులకు రోజులు కాపలా ఉండాలని వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లకు తెలియాల్సింది ఒక్కటే: ఈ మిషన్ చెప్పే అంకెను నమ్మొచ్చా, లేదా.

మొదటి డెమోకి చేతికందినవన్నీ తీసుకెళ్లాను. పొడవాటి బల్ల మీద గుడ్డ పరిచి మిషన్, గరాటు, మూడు గాజు సీసాల్లో మూడు రకాల తేమ ఉన్న వడ్లు, మా ఇంజినీర్ విప్పి ఇచ్చిన సర్క్యూట్ బోర్డు, చిన్న తూకం, నీళ్ల సీసా, అన్నీ అందంగా సర్దాను. వెనక తెర మీద 22 స్లైడ్లు. హాల్లో నలభై మంది దాకా ఉన్నారు.

మొదటి స్లైడు వేసేసరికి ఒక్కరూ తెర వైపు చూడలేదు. అందరి కళ్లూ బల్ల మీదే. నేను మా మిషన్ ఎందుకు చేశామో చెబుతుంటే, ముందు వరసలో ఒక పెద్దాయన లేచి వచ్చి సీసా మూత తీసి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి పంటి కింద పెట్టి కొరికాడు. పక్కాయన కూడా లేచాడు. సరే, ఎలాగూ చూస్తున్నారు కదా అని సీసాలు చుట్టూ తిప్పమన్నాను. తర్వాత రికార్డింగ్ చూసి లెక్కేస్తే ఒక్క సీసా చివరి వరసకు చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. అది మూడో వరసలో ఉన్నప్పుడు నేను ఏడో స్లైడులో ఉన్నాను, చివరి వరసకు చేరేసరికి పదకొండులో. సీసా ఎవరి చేతిలో ఉంటే వాళ్లు నా మాట వినలేదు. పక్కనున్న ఇద్దరూ వినలేదు. ఈలోగా నీళ్ల సీసాని తాగడానికి పెట్టామనుకుని ఎవరో తీసుకుని సగం తాగారు. ఆ నీళ్లు కొలిచి తెచ్చినవి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పద్నాలుగో స్లైడు మీద "రెండో సీసా: 17.0 శాతం" అని పెద్ద అక్షరాలతో ముందే రాసి ఉంచాను. ఆ స్లైడు వెలుగుతుండగానే వడ్లు మిషన్ కప్పులో పోశాను. మిషన్ 19.2 చూపించింది. మళ్లీ పోశాను, 18.9. తెర మీద 17.0 అలాగే మెరుస్తోంది. గింజలు కొరికిన పెద్దాయన నెమ్మదిగా అన్నాడు, "ఏంది బిడ్డా, బొమ్మల ఒకటి, మిషన్ల ఒకటి. మేం ఏది నమ్మాలె?"

ఆయన అడిగింది ముమ్మాటికీ న్యాయం. ఆ రోజు ఒక్క మిషన్ కూడా పోలేదు. అమ్మకం సంగతి పక్కన పెట్టినా, మంచి మిషన్‌ని అబద్ధాలకోరులా నిలబెట్టానే అన్న బాధ చాలా రోజులు వదల్లేదు.

ఆఫీసుకొచ్చి ముందు ఆ 19.2 ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికాను. మా నమూనాలు ఇలా తయారయ్యేవి: 13 శాతం దగ్గర ఉన్న ఎండు వడ్లు కిలో తీసుకుని, 17 శాతానికి తేవాలంటే 48 గ్రాముల నీళ్లు, 20 శాతానికైతే 87.5 గ్రాముల నీళ్లు కలిపి, గాలి చొరని సీసాలో వేసి, రోజుకు రెండు మూడుసార్లు కుదుపుతూ మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచుతాం. బయట ఉంచితే అంత తేమకు గింజ వేడెక్కి బూజు పడుతుంది. ఆ రోజు పొద్దున ఫ్రిజ్ నుంచి తీసి, ఏసీ కారులో పెట్టుకుని నేరుగా హాలుకు తెచ్చాను. ఉక్కగా ఉన్న హాల్లో చల్లటి సీసా మూత తీయగానే గాలిలోని చెమ్మ గింజ మీద పట్టింది. ఈ మిషన్ తేమను నేరుగా చూడదు. కప్పులో ఉన్న లోహపు గోడల మధ్య విద్యుత్తు ఎలా నిలుస్తుందో చూసి దాన్నుంచి తేమ కడుతుంది. గింజ పైన పట్టిన పల్చటి నీటి పొర దానికి లోపలి తేమకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. గింజ చల్లగా, మిషన్ వెచ్చగా ఉండటం ఇంకో తప్పు. వేడిని బట్టి సరిచేసుకునే ఏర్పాటు మిషన్‌లో ఉన్నా, రెండూ ఒకే వేడిలో ఉన్నప్పుడే అది సరిగ్గా పనిచేస్తుంది.

కాబట్టి మొదటి మార్పు డెమో మొదలవడానికి ముందే జరిగింది. సీసాలు ముందు రోజు రాత్రే ఫ్రిజ్ నుంచి తీసి, మూత తీయకుండా మామూలు గదిలో ఉంచుతాను. హాలుకు గంట ముందు చేరి, సీసాలనూ మిషన్‌నూ ఒకే బల్ల కింద పక్కపక్కన పెడతాను. సీసా లోపలి గోడకు చెమ్మ చుక్కలు కనిపిస్తే అది ఇంకా సిద్ధం కాలేదని గుర్తు. జనం రాకముందు ఒక్కో సీసా నుంచి మూడుసార్లు కొలిచి, ఆ మూడూ అర పాయింటు లోపల ఉన్నాయో లేదో చూసుకుంటాను. ఎక్కువగా ఊగుతుంటే ఆ సీసా ఆ రోజు బయటికి రాదు.

ఇది వస్తువు సంగతి. వరస సంగతి ఇంకా మిగిలే ఉంది.

నాతో వచ్చే కుర్రాడు ప్రొజెక్టర్ చూసుకుంటాడు. అతనూ నేనూ ఒక సాయంత్రం కూర్చుని రికార్డింగ్ మొత్తం మళ్లీ చూశాం. ప్రతి వస్తువుకూ ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఇది బయటికి రాకముందు తెర ఏం చెప్పి ఉండాలి, వచ్చాక ఏం చెప్పాలి? అక్కడే మాకు ఒక తేడా దొరికింది. కంటితో చూసి, చేత్తో పట్టి తేల్చుకోగలిగిన విషయమైతే వస్తువే ముందు రావాలి, స్లైడు దాని వెనక రావాలి. కంటికి కనిపించని విషయమైతే, అంటే మిషన్ లోపల జరిగేదైతే, ముందు స్లైడులో బొమ్మ చూపించి ఆ తర్వాత వస్తువు చేతిలోకి తీసుకోవాలి. లేకపోతే కప్పు చూపించినా వాళ్లకు ఉత్త కప్పే కనిపిస్తుంది.

సర్క్యూట్ బోర్డును ఈ లెక్కతోనే తీసేశాం. అది చూసిన వెంటనే కుర్రవాళ్లు ఎక్కడ తయారైంది, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అంటూ అటే పోయేవారు. మంచి ప్రశ్నలే, కానీ వడ్ల మాట తెగిపోయేది. మా ఇంజినీర్‌కు అది నచ్చలేదు. అయినా నా నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. దాని బదులు కప్పు బొమ్మ ఉన్న ఒక్క స్లైడు పెట్టి, వెంటనే ఖాళీ కప్పు ఎత్తి లోపలి గోడలు వేలితో చూపిస్తాను. అర నిమిషం పని.

22 స్లైడ్లు 9 అయ్యాయి. వాటిలో మూడు పూర్తిగా నల్లవి. పవర్‌పాయింట్‌లో B నొక్కితే తెర నల్లబడుతుందని తెలుసు, మొదట అలాగే చేశాం. కానీ మళ్లీ వెలిగించినప్పుడు పాత స్లైడే వస్తుంది, అప్పుడు ఇంకోసారి నొక్కి ముందుకు వెళ్లాలి. ఆ క్షణంలో జనం కళ్లు పాతదాని మీద పడి, "ఇది అయిపోయింది కదా" అన్నట్టు ముఖాలు పెడతారు. అసలు స్లైడ్ల మధ్యలోనే నల్ల స్లైడు పెట్టేస్తే ఒక్క నొక్కుతో కొత్తది వస్తుంది. చేతిలో వస్తువు ఉన్నంతసేపూ తెర నల్లగా ఉండాలన్నది మేం పెట్టుకున్న నియమం. అయితే తెర నల్లబడితే హాలు కూడా చీకటవుతుంది, గింజలు కనిపించవు. అందుకని బల్ల మీదకి వెలుగు పడేలా ఒక క్లిప్ లైటు తెచ్చుకున్నాం. తెర నల్లబడినప్పుడు కుర్రాడు దాన్ని వేస్తాడు, స్లైడు వచ్చినప్పుడు ఆర్పుతాడు. జనం చూపు వెలుగెటుంటే అటే వెళ్తుంది. ఇటు చూడండి అని చెప్పాల్సిన పనే లేదు.

తర్వాత కాగితం మీద వరస రాసుకున్నాం. మొదట స్లైడు నంబరు, వస్తువు పేరు అని రెండు గడులే పెట్టాను. ఆఫీసులో గడియారం పెట్టుకుని చేసి చూస్తే సగంలోనే ఆగిపోయాను. ఎడమ చేతిలో కప్పు, కుడి చేతిలో వడ్ల సీసా, మెడకు మైకు. స్లైడు మార్చే రిమోట్ ఎక్కడ పట్టుకోను? గరాటుకు ఇంకో చెయ్యి కావాలి. అప్పుడు "చేతులు" అని మూడో గడి గీశాను. ఏ నిమిషంలో ఏ చేతిలో ఏముందో రాస్తే ఎక్కడ చిక్కు పడుతుందో రాతలోనే బయటపడుతుంది. ఇప్పుడు నా కాగితంలో ఒక ముక్క ఇలా ఉంటుంది:

"స్లైడు 4, నలుపు. ఎడమ: కప్పు. కుడి: 2వ సీసా. రిమోట్ కుర్రాడి దగ్గర. గరాటు స్టాండులో. మాట లేదు. కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుకు లైటు ఆర్పాలి, స్లైడు 5."

"నెక్స్ట్" అని చెప్పడం మానేశాం. కప్పు బల్లకు తగిలిన చప్పుడే కుర్రాడికి గుర్తు.

గరాటుకు స్టాండు పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. వడ్లు గుప్పెట్లోంచి కప్పులో పోస్తే ఒకసారి వదులుగా, ఒకసారి కుదురుగా పడతాయి. ఎంత దట్టంగా పడ్డాయన్న దాన్ని బట్టి కూడా మిషన్ అంకె మారుతుంది. అదే ఎత్తు నుంచి గరాటులో వదిలి, పైన పుల్లతో సమం చేస్తే ప్రతిసారీ ఒకేలా నిండుతుంది. ఈ పని నింపాదిగా చేయాలి, ఒక్కో కొలతకు ముప్పావు నిమిషం పడుతుంది. ఆ ముప్పావు నిమిషం మొదట్లో నాకు భయంగా ఉండేది. ఏదో ఒకటి మాట్లాడి నింపేదాన్ని. ఇప్పుడు మాట్లాడను. గరాటులోంచి వడ్లు జారుతున్న చప్పుడు హాలంతా వినిపిస్తుంది, అందరూ అటే చూస్తూ ఉంటారు.

సీసాలు తిప్పడం పూర్తిగా మానేశాం. జిప్ కవర్లలో 1, 2, 3 అని అంకెలు వేసి, ఇద్దరికి ఒక మూడు కవర్ల చొప్పున కట్టలు కట్టి, వరస చివర కూర్చున్నవాళ్లకు అందిస్తాం. నలభై మందికి ఇరవై కట్టలు, అందరి చేతుల్లోకీ రెండు నిమిషాల్లో చేరతాయి. ఒక గంట వరకు కవర్లో తేమ పెద్దగా మారదు. అప్పుడు తెర మీద ఏమీ ఉండదు. "మీరు కల్లంలో ఎలా చూస్తారో అలాగే చూడండి" అంటాను. కొరికేవాళ్లు కొరుకుతారు. ఎండిన గింజ పంటి కింద కటుక్కుమంటుంది, పచ్చిది చదునుగా నలుగుతుంది. గుప్పెట బిగించి చూసేవాళ్లు ఉంటారు, చెవి దగ్గర పెట్టి గలగలలాడించేవాళ్లూ ఉంటారు. 17 లోపల ఏవి, దాటినవి ఏవి అని చేతులెత్తమంటాను. కుర్రాడు ఆ లెక్కలు చార్టు మీద మార్కరుతో రాస్తాడు. ఒకటో కవరు ఎండుదని అందరూ సరిగ్గా చెబుతారు, మూడోది పచ్చిదనీ చెబుతారు. రెండోదాని దగ్గరే హాలు రెండుగా చీలుతుంది. కొనుగోలు కేంద్రంలో గొడవ జరిగేదీ సరిగ్గా అక్కడే.

కవర్లు వెనక్కి వచ్చాకే మిషన్ బయటికొస్తుంది. ఇది నేను అస్సలు సడలించని వరస. వాళ్ల చేతిలో గింజ ఉండగా నేను మిషన్ తీస్తే రెంటికీ న్యాయం జరగదు. కవర్లు వసూలు చేసే నిమిషంలో స్లైడు 3 వెలుగుతుంది. అందులో "మీ అంచనా" అన్న మాట, కింద మూడు ఖాళీ గడులు, అంతే. ఆ తర్వాత నల్లది.

మిషన్ తెర చిన్నది, వెనకవాళ్లకు కనిపించదు. ఫోన్‌ని ప్రొజెక్టరుకు కలిపి చూపించవచ్చు, రెండుసార్లు అలా చేశాం కూడా. అయితే తెర మీద కనిపించే ఏ అంకైనా మేం ముందే తయారుచేసి తెచ్చిందేమో అన్న అనుమానం జనంలో నాకు కనిపించింది. అందుకే ఇప్పుడు హాల్లోంచి ఒకరిని పిలిచి, వాళ్లనే చదవమంటాను. వీలైతే రెండో కవరు గురించి గట్టిగా వాదించినవాళ్లనే పిలుస్తాను. "పదిహేడు పాయింట్ నాలుగు" అని సొంత ఊరి మనిషి గొంతుతో వినిపించిన అంకెకు ఉండే బరువు వేరు. మూడుసార్లు కొలుస్తాం, మూడూ అతనే చదువుతాడు, కుర్రాడు చార్టు మీద రాస్తాడు.

ఆ తర్వాతే స్లైడు 5. దాని మీద ఒక్క కొలత అంకె కూడా ఉండదు. మూడు కొలతల మధ్య అర పాయింటు దాకా తేడా రావడం మామూలేనని, సగటు తీసుకోవాలని, అంచు మీద ఉన్న వడ్లను ఒక్క కొలతతో తేల్చకూడదని, ఈ మూడు ముక్కలే ఉంటాయి. అప్పటికే వాళ్ల కళ్ల ముందు 17.4, 17.1, 17.6 రాసి ఉంటాయి కాబట్టి ఆ మాటలు తప్పించుకోవడానికి చెప్పినట్టు వినిపించవు. ఇదే స్లైడు కొలతకు ముందు వేసి చూశాను ఒకసారి. "తప్పు చూపిస్తదని ముందే చెప్తున్నరా?" అని అడిగారు.

నీళ్ల సీసా గురించి కూడా చెప్పాలి. 20 శాతం నుంచి 17కి రావాలంటే ఎంత నీరు పోవాలన్నది చాలామంది తక్కువగా ఊహిస్తారు. 40 కిలోల సంచికి మూడు శాతమే కదా, కిలో రెండొందల గ్రాములు అంటారు. అసలు లెక్క ఇది: 20 శాతం తేమ అంటే 40 కిలోల్లో 8 కిలోలు నీరు, 32 కిలోలు గట్టి గింజ. ఆరబెట్టినా ఆ 32 కిలోలు తరగవు. అవి మొత్తంలో 83 శాతం కావాలంటే సంచి బరువు 38.55 కిలోలకు రావాలి. అంటే పోయే నీరు 1.45 కిలోలు. ఇక్కడ వరస మూడు మెట్లు. స్లైడు 6లో సంచి బొమ్మ, దాని మీద "20 → 17", పక్కన ప్రశ్న గుర్తు. జనం తమ అంకెలు చెబుతారు. తెర నల్లబడుతుంది. బల్ల కింద నుంచి ఆ 1.45 కిలోల నీళ్ల సీసా తీసి బల్ల మీద పెడతాను. ఆ తర్వాతే స్లైడు 8లో లెక్క వస్తుంది. సీసా చూడకముందు ఆ లెక్క వేస్తే బడి పాఠంలా నీరసంగా వింటారు. సీసా చూశాక, అంత ఎలా అయిందో తెలుసుకోవాలని వాళ్లే ముందుకు వంగుతారు. ఇప్పుడు ఆ నీళ్లలో నాలుగు చుక్కలు నీలం సిరా వేస్తున్నాం. వెనక వరసకు కనిపిస్తుంది, ఎవరూ తాగరు.

వస్తువులన్నీ బల్ల కింద ఎడమ పెట్టెలో, బయటికొచ్చే వరసలోనే సర్ది ఉంటాయి. వాడినది కుడి పెట్టెలోకి పోతుంది. బల్ల మీద ఎప్పుడూ ఒక్కటే ఉండాలి. దీని ఉపయోగం మూడో ఊళ్లో బాగా తెలిసింది. స్లైడు 6 దగ్గర కరెంటు పోయింది. మిషన్ బ్యాటరీ మీద నడుస్తుంది, చార్టు ఉంది, ఎడమ పెట్టెలో తర్వాత ఏముందో చెయ్యి పెడితే చాలు. లెక్క స్లైడును కుర్రాడు చార్టు మీద రాశాడు. కరెంటు వచ్చేసరికి మేం చివరి స్లైడు దగ్గర ఉన్నాం.

ఆ చివరిది, స్లైడు 9, ఖాళీ పట్టిక. పేరు, వడ్ల రకం, మూడు కొలతలు, సగటు. దానికి జత వస్తువు నా పెట్టెల్లో లేదు. డెమోకి వచ్చేటప్పుడు ఎవరైనా తమ కల్లంలోంచి రెండు గుప్పెళ్లు తెచ్చుకోమని సొసైటీ వాళ్లతో ముందు రోజే చెప్పిస్తాను. నీళ్లు కలిపి చేసిన నా నమూనాలకన్నా చేలో పండి, కల్లంలో ఆరుతున్న గింజే అసలైన పరీక్ష. అక్కడ ఏ అంకె వస్తుందో నాకూ తెలియదు కనుకే గడులు ఖాళీగా ఉంచాను.

ఆ మూడో ఊళ్లో ఒకామె కొంగు ముడి విప్పి వడ్లు బల్ల మీద పోసింది. ఆమె మడికట్టు మీద నుంచి నేరుగా వచ్చిందట, గింజ ఇంకా ఎండకు వెచ్చగా ఉంది. వెంటనే కొలవలేదు. పది నిమిషాలు మూత పెట్టి ఉంచుదాం, లేకపోతే మిషన్ సరిగ్గా చెప్పదు అన్నాను. "ఆగుదాం తియ్యమ్మా, పొద్దంత ఆగినం" అని మిషన్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తర్వాత గరాటులో తనే పోసింది. 18.6, 18.3, 18.5. కుర్రాడు మూడు గడులూ నింపాడు. ఆమె సగటు గడి వైపు ఒకసారి చూసి, వడ్లు మళ్లీ కొంగులో మూటకట్టుకుంది. "పరదా ఇంకో దినం తియ్యొద్దు" అని పక్కామెతో చెప్పి లేచింది.